‘చిన్న మార్పే కదమ్మా’ అన్నాక రాయాల్సిన ఉత్తరం

గుంటూరులో పచ్చళ్లు తయారుచేసి అమ్మే వ్యాపారి ఒకాయన ఉన్నారనుకుందాం. ఆరు రకాల పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు కావాలి. విజయవాడలో ఇంటి దగ్గరే కూర్చుని పనిచేసే ఒక డిజైనర్‌తో మాట్లాడుకున్నారు. లేబుల్‌కి 6 వేల చొప్పున మొత్తం 36 వేలు అనుకున్నారు, సగం అడ్వాన్సు ఇచ్చారు. ఆరు లేబుళ్లూ తయారయ్యాయి, ఆయన ఓకే అన్నారు. రెండు రోజులు గడిచాక వాట్సాప్ మోగింది.

“అమ్మా, అల్లం పచ్చడి కూడా పెడదామనుకుంటున్నాం. ఉన్న డిజైన్లోనే పేరు మార్చి ఇచ్చెయ్యి.”

మరో రెండు రోజులకు ఇంకొకటి: “ఆవకాయ, మాగాయ, గోంగూర అరకిలో పౌచ్‌ల్లో కూడా దింపుతున్నాం. కాస్త సైజు పెంచితే సరిపోతుంది కదా.” ఆ సాయంత్రమే మళ్లీ: “మావాడు కొత్త లోగో చేయించాడు. అన్నిట్లో అది పెట్టెయ్యమ్మా. షాపు అడ్రస్ కూడా మారింది, చూడు.”

వీటిలో ఏ ఒక్కటీ దురాశతో అడిగింది కాదు. వ్యాపారికి తన సరుకు తప్ప డిజైనర్ పని కనబడదు, అంతే. ఆమె మాత్రం ఏమంటుంది? అడ్వాన్సు ఇచ్చిన మనిషి, పెద్దాయన, ‘అమ్మా’ అని పిలుస్తాడు, రేపు ఇంకో నలుగురికి తన పేరు చెబుతాడు. మొహమాటం కొద్దీ “సరేనండి, చూస్తాను” అంటుంది. వారం రోజులు రాత్రుళ్లు కూర్చుని అన్నీ పూర్తిచేసి, చివరి బిల్లులో ‘అదనపు పని’ అని ఒక్క ముక్క రాసి, పక్కన ఒక అంకె వేసి పంపుతుంది. గొడవ మొదలయ్యేది అక్కడే. ఆయన దృష్టిలో అది మాట తప్పడం, ఆమె దృష్టిలో కష్టార్జితం. ఇద్దరిదీ అబద్ధం కాదు.

ఈ గొడవ రాకుండా చూసే కాగితం ఒకటుంది: అదనపు పనికి అదనపు ఛార్జీ ఎందుకో చెప్పే ఉత్తరం. చాలామంది ఫ్రీలాన్సర్లు దాన్ని బిల్లుతోపాటు జతచేసే సంజాయిషీగా రాస్తారు. అలా రాస్తే సగం ప్రయోజనం పోయినట్టే, ఎందుకంటే ఆ ఉత్తరం వెళ్లాల్సిన సమయం పని అయిపోయాక కాదు, మొదలుపెట్టకముందు.

ఎందుకో చట్టం వైపు నుంచి చూస్తే తేటగా అర్థమవుతుంది. ఒకసారి కుదిరిన ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలన్నది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ వెనకున్న సూత్రం. వ్యాపారి ఒక్కడే పని పెంచలేడు, డిజైనర్ ఒక్కతే ధర పెంచలేదు. కాబట్టి ఆమె పంపే ఉత్తరం డిమాండ్ నోటీసు కాదు, కొత్త పనికి కొత్త ప్రతిపాదన. అవతలివారు ‘సరే’ అన్నప్పుడే అది ఒప్పందమవుతుంది. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో అన్నా చెల్లుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. అయితే ఎవరో ఒకరు స్పష్టంగా ‘సరే’ అని ఉండాలి. కొందరు తెలివిగా అనుకుని ఉత్తరం చివర “రెండు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే భావిస్తాను” అని రాస్తారు. ఎదుటివారి మౌనాన్ని అంగీకారంగా మనంతట మనమే నిర్ణయించేస్తే అది నిలవడం కష్టం. దానికంటే “మీ జవాబు వచ్చాకే మొదలుపెడతాను” అన్న వాక్యం ఎంతో బలమైనది, మర్యాదైనది కూడా.

మరి జవాబు రాకముందే పని చేసేసినవాళ్ల గతేమిటి? వాళ్లకీ చట్టంలో ఒక దారి ఉంది. దాన్ని తేల్చిన కేసు సరిగ్గా ఇలాంటి ‘ఇంకాస్త పని’ కథే. 1944లో బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో పౌర సరఫరాల శాఖకు బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టు సంస్థ తాత్కాలిక గోదాములు కట్టిచ్చింది. వాటి బిల్లు ఇబ్బంది లేకుండా అందింది. ఆ పని సాగుతుండగానే అధికారులు అక్కడే ఒక కచ్చా రోడ్డు, కాపలా గది, ఆఫీసు, వంటగది, గుమాస్తాలకు గది కావాలన్నారు. ఆ తర్వాత మరోచోట సరుకు నిల్వచేసే షెడ్లు అడిగారు. సంస్థ అన్నీ కట్టింది, ప్రభుత్వం వాడుకుంది. డబ్బు అడిగేసరికి, ఆ అదనపు పనులకు చట్టం చెప్పిన పద్ధతిలో ఒప్పందమే జరగలేదంది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1962 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పు కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ మీద నిలబడింది: ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా ఒకరు ఇంకొకరికి పని చేసిపెడితే, ఆ రెండోవారు దాని ఫలం అనుభవిస్తే, ప్రతిఫలం చెల్లించాల్సిందే. కోర్టు మండల్ వైపే మొగ్గింది.

దీన్ని చూసి ధీమాగా ఉండిపోవడం మాత్రం తెలివి కాదు. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. పని అందుకున్న మనిషికి దాన్ని వద్దనే అవకాశం, స్వేచ్ఛ ఉండాలి. అడగని పని చేసి నెత్తిన పెట్టి డబ్బు ఇమ్మంటే ఈ సెక్షన్ ఆదుకోదు. పైగా దీని కింద దక్కేది న్యాయమైన పరిహారమే తప్ప మనం మనసులో అనుకున్న రేటు కాదు. ఇరవై వేల బాకీ కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఏ ఫ్రీలాన్సర్‌కీ ఉండదు. ఈ చర్చలో డిజైనర్‌కి పనికొచ్చేది ఆ ‘వద్దనే అవకాశం’ ఒక్కటే. ఆ అవకాశాన్ని రాతపూర్వకంగా ఇవ్వడమే ఉత్తరం చేసే అసలు పని.

మళ్లీ గుంటూరు లేబుళ్ల దగ్గరికొద్దాం. ఉత్తరం రాసేముందు డిజైనర్ చేయాల్సింది లెక్క కాదు, ఏరివేత. మొదట్లో అనుకున్న పని ఏమిటో ఈమెయిల్ తెరిచి చూడాలి. అందులో మూడు మాటలున్నాయనుకుందాం: ఆరు పచ్చళ్లకు 250 గ్రాముల జారు లేబుళ్లు, ఒక్కోదానికి రెండు విడతల సవరణలు, చివరికి ప్రింటింగ్‌కి సిద్ధమైన పీడీఎఫ్‌లు. ‘లేబుల్ డిజైన్ పని – 36,000’ అని మాత్రమే రాసుకుని ఉంటే ఈ ఏరివేత కుదిరేది కాదు. దేన్ని అదనం అనాలన్నా ముందు అసలుకి గట్టు ఉండాలి కదా.

ఇప్పుడు వచ్చిన కోరికల్ని ఒక్కొక్కటే ఆ గట్టు పక్కన పెట్టి చూడాలి. అల్లం పచ్చడి ఏడో లేబుల్, అది బయటిదేననడంలో సందేహం లేదు. అడ్రస్ మార్పు వ్యాపారి తప్పు కాదు, అలాగని ఒప్పందంలోనూ లేదు, కానీ ఆరు ఫైళ్లలో ఒక లైను మార్చడానికి పట్టేది పది నిమిషాలు. దానికి డబ్బడిగితే మిగతా మూడింటి మీదా నమ్మకం పోతుంది. ఉచితంగా చేసి, చేసినట్టు ఉత్తరంలో రాయడం మంచిది. లోగో మార్పు కాస్త తిరకాసు వ్యవహారం. రెండో విడత సవరణల్లో భాగంగా వచ్చి ఉంటే అది లోపలి పనే. ఇది ఆయన ఆరింటినీ ఓకే చేశాక వచ్చింది. అందుకే ఈ పనిలో అందరికంటే ముందు రాసి పెట్టుకోవాల్సింది ‘ఓకే’ వచ్చిన తేదీ. ఫోన్లో “బాగుందమ్మా, కానిచ్చెయ్యి” అంటే ఆ పూటే “మీరు ఈరోజు ఆరు లేబుళ్లూ ఓకే చేశారండి, ధన్యవాదాలు” అని ఒక మెసేజ్ పెట్టుకోవాలి. రేపు లోగో మార్పు ఏ వైపు పడుతుందో తేల్చేది ఆ ఒక్క మెసేజే.

ఏరివేతలో ఇంకొకటి బయటపడింది. గోంగూర లేబుల్ మీద ‘నువ్వుల నూనె’ని డిజైనరే ‘నువ్వు నూనె’ అని కొట్టింది, ఆయన ఇచ్చిన కాగితంలో సరిగ్గానే ఉంది. ఇది ఆమె పొరపాటు. సరిచేసి ఊరుకోవాలి. దీన్ని కూడా ‘ఉచిత సవరణ’ అని ఉత్తరంలో ఉదారంగా చూపించడం కనిపిస్తుంటుంది. ఆ కాగితం తీసి చూసిన క్లయింటుకు ఉత్తరం మొత్తం అనుమానంగా కనబడుతుంది.

మిగిలింది పౌచ్‌లు. ‘కాస్త సైజు పెంచితే సరిపోతుంది’ అన్న మాటకి ఉత్తరంలో జవాబు చెప్పాల్సింది ఇక్కడే. ఎందుకంటే క్లయింటు నిజంగానే అలా నమ్ముతున్నారు. ఏడు సెంటీమీటర్ల వ్యాసమున్న జారు చుట్టూ తిరిగే లేబుల్ సుమారు 22 సెంటీమీటర్ల పొడవుండే అడ్డపట్టీ. మధ్యలో పేరు, ఒకవైపు దినుసులు, ఇంకోవైపు పోషక విలువల పట్టిక ఉంటాయి. అరకిలో పౌచ్ నిలువుగా ఉంటుంది, ముందు ముఖం వేరు, వెనక ముఖం వేరు. పైన వేడితో అతికే సీల్ భాగం, దాని కింద జిప్, అడుగున పౌచ్ నిలబడటానికి లోపలికి మడిచే భాగం ఉంటాయి. ఈ చోట్ల అక్షరం పెడితే అతుకులో పోతుంది, లేదా మడతలో దాక్కుంటుంది. కాబట్టి పౌచ్ తయారీదారు దగ్గర డై లైన్, అంటే కోతలు మడతలు గుర్తు పెట్టిన నక్షా, తెప్పించుకుని దాని మీద బొమ్మనీ అక్షరాన్నీ కొత్తగా పేర్చాలి. అడ్డపట్టీని పెద్దది చేస్తే వచ్చేది పెద్ద అడ్డపట్టీయే, పౌచ్ కాదు.

దీనికి తోడు నిబంధనలు. ప్యాక్ చేసిన ఆహారం మీద శాకాహార గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ లాంటివి ఉండి తీరాలి. బరువు చెప్పే అంకెల ఎత్తు, శాకాహార గుర్తు సైజు ఇష్టమొచ్చినంత పెట్టడానికి లేదు, ప్యాక్ ముందు భాగం వైశాల్యాన్ని బట్టి కనీస కొలతలు మారతాయి. 250 గ్రాముల జారు మీద సరిపోయిన అంకె పెద్ద పౌచ్ మీద చిన్నదైపోవచ్చు. ఆ తప్పు పట్టుబడితే నోటీసు వచ్చేది వ్యాపారికి. ఈ రెండు వాక్యాలు మామూలు మాటల్లో చెబితే, పౌచ్‌కి ఎందుకు వేరే ఛార్జీ అన్న ప్రశ్నకి సగం సమాధానం దొరికినట్టే. ‘చాలా కష్టం’, ‘చాలా టైం పడుతుంది’ అన్న మాటలకి ఆ బలం లేదు.

ఇక ధర. అల్లం పచ్చడి లేబుల్‌కి కొత్త రేటు కట్టాల్సిన పనిలేదు, ఒప్పందంలో ఉన్న 6 వేలే తీసుకుంటే అడిగేవారే ఉండరు. పౌచ్‌కి 5 వేల చొప్పున మూడింటికి 15 వేలు. బొమ్మలు, రంగులు ఇదివరకే ఉన్నాయి కాబట్టి కొత్త డిజైన్ కంటే తక్కువ, పేర్పు మొత్తం కొత్తది కాబట్టి ఊరికే కాదు. లోగో మార్పుని గంటల లెక్కన కట్టవచ్చు: ఒక్కో లేబుల్‌కి ముప్పావు గంట, ఆరింటికి నాలుగున్నర గంటలు, గంటకి 800 చొప్పున 3,600. మొత్తం 24,600. గంట రేటు మొదటి ఒప్పందంలోనే రాసి ఉంటే మరీ మంచిది. ‘అదనపు పనులకు గంటకి 800’ అన్న ఒక్క లైను మొదటి రోజు ఎవరికీ నొప్పి కలిగించదు. గొడవ మధ్యలో మొదటిసారి వినిపించే గంట రేటు ఎంత తక్కువైనా ఎక్కువగానే ఉంటుంది.

ఇవన్నీ కూర్చుకున్నాక ఉత్తరం ఇలా ఉంటుంది:

“విషయం: పచ్చళ్ల లేబుళ్లు – కొత్తగా వచ్చిన పనులు, వాటి ఖర్చు

నమస్కారమండి.

జులై 3న ఈమెయిల్లో మనం అనుకున్న పని: ఆరు పచ్చళ్లకు 250 గ్రాముల జారు లేబుళ్లు, ఒక్కోదానికి రెండు విడతల సవరణలు, ప్రింటింగ్ పీడీఎఫ్‌లు, మొత్తం 36,000 రూపాయలు. ఆరింటినీ మీరు జులై 21న ఓకే చేశారు. మారిన షాపు అడ్రస్‌ని ఆరింటిలోనూ సరిచేశాను, దానికి ఛార్జీ ఏమీ లేదు. ఆ ఫైళ్లు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను.

జులై 23, 25 తేదీల్లో మీరు వాట్సాప్‌లో అడిగిన మిగతా పనులు ఆ 36,000లో లేవు. వాటి వివరం:

అల్లం పచ్చడి జారు లేబుల్, పాత రేటుకే – 6,000.
ఆవకాయ, మాగాయ, గోంగూర అరకిలో పౌచ్‌లు మూడు, ఒక్కోటి 5,000 – 15,000. జారు లేబుల్ అడ్డంగా, పౌచ్ నిలువుగా ఉంటుంది కాబట్టి ముందు, వెనక భాగాలు రెండూ కొత్తగా పేర్చాలి. అంకెలు, గుర్తుల కొలతలు కూడా ప్యాక్ సైజును బట్టి మారతాయి.
ఓకే అయిన ఆరు లేబుళ్లలో కొత్త లోగో, దానికి తగ్గట్టు రంగులు – నాలుగున్నర గంటలు, గంటకి 800 చొప్పున 3,600.

మొత్తం 24,600 రూపాయలు. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి దీనిపైన పన్ను ఉండదు.

వీటిలో మీకు ఏవి కావాలో చెప్పండి, అన్నీ కావాలన్న నియమం లేదు. పాత లోగోతోనే మొదటి ముద్రణ వేయించుకుంటే 3,600 ఆదా అవుతుంది. మీరు ‘సరే’ అని జవాబిచ్చాక మొదలుపెడతాను. పౌచ్ డై లైన్ అందిన రోజు నుంచి పది రోజుల్లో ఇస్తాను. జులై 29 లోపు చెబితే ఆగస్టు మొదటి వారం మీకోసం ఖాళీగా ఉంచుతాను.”

ఇందులో క్షమాపణ లేదు, ఫిర్యాదూ లేదు. ‘మీరు పదేపదే మార్పులు అడుగుతున్నారు’ లాంటి మాట రాయాలనిపిస్తుంది, రాయకూడదు. తేదీలు ఆ పని నిశ్శబ్దంగా చేసేస్తాయి. ఓకే అయిన ఆరు ఫైళ్లనీ ఇదే ఉత్తరంతో పంపడం కూడా ఆలోచించి చేసిందే. అదనపు డబ్బు తేలేదాకా మొదటి పనిని కూడా చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. మొదటి ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది ఆపితే ఒప్పందం తప్పినవాళ్లం మనమే అవుతాం. మొదటి పనిలో మిగిలిన సగం డబ్బు అందాకే ఫైళ్లు ఇస్తామని ముందే రాసుకుని ఉంటే అది వేరే సంగతి. ఆపదల్చుకుంటే ఆపాల్సింది ఇంకా మొదలుపెట్టని పనిని.

పన్ను గురించి ఆ ఒక్క వాక్యం ఎందుకంటే, ఏడాదికి సేవల మీద రాబడి 20 లక్షలు దాటని ఫ్రీలాన్సర్ సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, తీసుకోనివారు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. రిజిస్ట్రేషన్ ఉంటే డిజైన్ పనికి 18 శాతం చొప్పున 24,600 మీద 4,428 పెరిగి 29,028 అవుతుంది. ఆ ముక్క ఉత్తరంలో చెప్పకుండా బిల్లులో చూపిస్తే రెండోసారి రేటు పెంచినట్టు ఉంటుంది. టీడీఎస్ సంగతీ ఇలాంటిదే. వృత్తి ఫీజులపై టీడీఎస్ పట్టాల్సిన పరిమితి 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేలు. ఇక్కడ 36 వేలు దాని లోపలే ఉన్నాయి, కానీ అదనపు పనితో కలిపితే దాటుతుంది. క్లయింటు టీడీఎస్ పట్టాల్సిన స్థాయి వ్యాపారి అయితే, వాళ్ల ఆడిటర్ మొత్తం మీద పదో వంతు కోసి మిగతాది వేయవచ్చు. అది ఎగ్గొట్టడం కాదు, మన పాన్ మీద జమయ్యే పన్ను. తెలియక “డబ్బు తగ్గించి వేశారు” అని ఫోన్లో గొంతు పెంచినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఉత్తరం అందాక గుంటూరు నుంచి ఫోన్ వస్తుంది, జవాబు రాతలో రావడం తక్కువ. “ఏంటమ్మా, ఇంటి మనిషివి అనుకున్నాం. మొత్తం పదిహేను వేలు చేసుకో” అంటారు. ఇక్కడ చాలామంది రేటు తగ్గించేస్తారు. నా ఉద్దేశంలో అది తప్పు దారి. ఒకసారి 24,600 పనిని 15 వేలకి చేస్తే, మొదట చెప్పింది ఎక్కువని మనమే ఒప్పుకున్నట్టు. వచ్చే ఏడాది చింతకాయ, ఉసిరికాయ లేబుళ్ల బేరం ఆ 15 వేల దగ్గరే మొదలవుతుంది. తగ్గించాల్సింది రేటుని కాదు, పనిని. “మాగాయ పౌచ్ వచ్చే నెలకి పెట్టుకుందామండి. అప్పుడు 19,600 అవుతుంది. లోగో కూడా తర్వాత చూసుకుంటే 16 వేలు” అనొచ్చు. వ్యాపారికి ఈ భాష బాగా అర్థమవుతుంది, ఆయన షాపులో కిలో ఆవకాయ అరకిలో రేటుకి ఇవ్వరు, కావాలంటే అరకిలో తూచి ఇస్తారు. ఫోన్ అయిపోగానే “ఇప్పుడు మాట్లాడుకున్నట్టు మాగాయ పౌచ్ తీసేసి మొత్తం 19,600. సరేనంటే ఒక మెసేజ్ పెట్టండి, మొదలుపెడతాను” అని పంపాలి. దానికి వచ్చే ‘ఓకే అమ్మా’ చాలు. ఆ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పని ఫోల్డర్‌లో దాచుకోవాలి, ఫోన్ కూడా భద్రంగా ఉంచుకోవాలి. వ్యవహారం కోర్టుకెక్కితే ఒట్టి స్క్రీన్‌షాట్ చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డుకి 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కోరే సర్టిఫికెట్ కూడా జతచేయాల్సి ఉంటుంది.

ఒప్పుకుని, పని తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్లూ ఉంటారు. అలాంటివారి కోసం పని మొదలుపెట్టకముందే చేసుకోవాల్సిన ఏర్పాటు ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆన్‌లైన్లో, ఫీజు లేకుండా అవుతుంది, ఒంటరిగా పనిచేసే డిజైనర్ కూడా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకి డబ్బు చెల్లించే గడువుని ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటించడానికి లేదు. రాతలో గడువే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ నెల నెలా కట్టి అడగొచ్చు. రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. ఒప్పందం కుదిరాక తీసుకున్న రిజిస్ట్రేషన్ పాత బాకీలకి పనికొస్తుందా లేదా అన్నది కోర్టుల్లో నలిగిన ప్రశ్న. అందుకే బాకీ పడ్డాక పరిగెత్తకుండా మొదటి క్లయింటుకి ముందే చేయించుకోవడం మేలు. ఇదే చట్టం ఇంకో పని కూడా చేస్తుంది. అందుకున్న సేవ మీద 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని స్వీకరించినట్టే లెక్కవేస్తుంది. కాబట్టి పౌచ్ ఫైళ్లు పంపేటప్పుడు తేదీ కనబడేలా ఈమెయిల్లో పంపడం మంచిది, ఎప్పటికో మాయమయ్యే డౌన్‌లోడ్ లింకు ఒక్కటే ఇవ్వడం కాదు.

ఇక బిల్లు. మొదటి 36 వేలలో మిగిలిన 18 వేలకి ఒకటి, అదనపు 19,600కి ఇంకొకటి, వేర్వేరు నంబర్లతో, రెండు బిల్లులుగా పంపడం నయం. రెండూ ఒకే కాగితంలో కలిపితే అదనపు పని మీద ఏ చిన్న పేచీ వచ్చినా పాత 18 వేలు కూడా దానితోపాటే ఆగిపోతాయి. రెండో బిల్లులో పని వివరం కింద ‘జులై 26 ఉత్తరం, జులై 27 వాట్సాప్ అంగీకారం ప్రకారం’ అని రాస్తే సరిపోతుంది. ఆడిటర్ చేతికి వెళ్లినప్పుడు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది.